సంచి మీద కనిపించని అంకె

ల్యాబ్రడార్ పిల్ల ఐదో నెలలోకి వచ్చేసరికి ఇంట్లో కంగారు మొదలవుతుంది. కాళ్లు ఒక్కసారిగా పొడవవుతాయి, నడక తూలుతున్నట్టు ఉంటుంది, ముందు పాదాలు కాస్త బయటికి తిరిగినట్టు కనిపిస్తాయి. చూడటానికి వచ్చిన వాళ్లలో ఒకరైనా "కాళ్లలో బలం లేదండీ, కాల్షియం పట్టించండి" అని చెప్పి వెళతారు. ఆ రాత్రి పిల్లను పెంచుతున్న మనిషి ఫోన్ తీసి ఆన్‌లైన్ దుకాణంలో 'ల్యాబ్ పప్పీ ఫుడ్ కాల్షియం', 'పప్పీ లెగ్స్ వీక్' అని కొడతాడు. వరసగా సంచుల బొమ్మలు వస్తాయి. వాటి పేర్లలోనే 'స్ట్రాంగ్ బోన్స్', 'ఎక్స్‌ట్రా కాల్షియం', 'ఆల్ బ్రీడ్స్' అని ఉంటుంది. అతని భయానికి సరిగ్గా సరిపోయే మాటలే అవి. అతని కుక్కకు మాత్రం అవి సరిపోకపోవచ్చు. వేగంగా పెరిగే పెద్ద జాతి పిల్లకు, సరైన డ్రై ఫుడ్ తింటున్నప్పుడు, కాల్షియం తక్కువ కావడం కంటే ఎక్కువ కావడమే అసలు ప్రమాదం.

ఈ తేడా ఎలా వస్తుందో తెలియాలంటే, అమ్మే వస్తువు వివరాల పట్టీ ఎలా తయారవుతుందో ముందు చూడాలి. వ్యాపారంలో ఉన్నవాళ్లు దాన్ని లిస్టింగ్ అంటారు. అమ్మకందారు సంచిని ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు కొన్ని గళ్లు నింపాలి: ఏ పరిమాణపు జాతికి, ఏ వయసుకి, ఏ రుచి, ఎంత బరువు. వీటికి తోడు పేరు, నాలుగైదు వరసల వివరణ ఉంటాయి. కొనేవాడు 'లార్జ్ బ్రీడ్', 'పప్పీ' అని టిక్ పెట్టి వడకట్టినప్పుడు ఆ గళ్లలో రాసినదాన్ని బట్టే సంచులు కనపడతాయి. అందుకని చాలామంది అమ్మకందార్లు జాతి గడిలో 'అన్ని జాతులు' అని రాసేస్తారు. అలా రాస్తే ఎవరు ఏ వడపోత పెట్టినా సరుకు కనిపిస్తుంది. వివరణలో జనం వెతికే మాటలను పొదుగుతారు. దురద, జుట్టు రాలడం, మోషన్స్, ఎముకల బలం ఇవన్నీ అందులో చోటు చేసుకుంటాయి. ఒక్కో మాట ఒక్కో భయం. ఆ భయానికి జవాబుగా చూపాల్సిన అంకె మాత్రం చాలాసార్లు ఉండదు.

కాల్షియం విషయంలో ఆ అంకె ఎందుకంత ముఖ్యమో పెద్ద జాతి కుక్క పెరిగే తీరు చెబుతుంది. పుట్టినప్పుడు అర కిలో కూడా ఉండని ల్యాబ్ పిల్ల ఏడాది దాటేసరికి 30 కిలోల దగ్గరికి చేరుతుంది. పొమేరియన్ లాంటి చిన్న జాతులు పది నెలల లోపే పెరగడం దాదాపు ఆపేస్తాయి. ల్యాబ్‌కు ఏడాది పైగా, గ్రేట్ డేన్‌కు ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. ఎముకల చివర్లలో మృదులాస్థి గట్టిపడి ఎముకగా మారే పని అన్నాళ్లూ సాగుతూనే ఉంటుంది.

పెరిగిన కుక్క పేగు తెలివిగా పనిచేస్తుంది. తిండిలో కాల్షియం ఎక్కువైతే తక్కువ పీల్చుకుంటుంది, తక్కువైతే ఎక్కువ పీల్చుకుంటుంది. లేత పిల్లల్లో, మొదటి ఆరు నెలల్లో ముఖ్యంగా, ఈ అదుపు సరిగా ఉండదు. పెట్టినదాంట్లో పెద్ద భాగం లోపలికి వెళ్లిపోతుంది. నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో 1980లలో గ్రేట్ డేన్ పిల్లల మీద జరిగిన పరిశోధన దీన్ని స్పష్టంగా చూపింది. ఒక గుంపుకు 1.1 శాతం కాల్షియం ఉన్న తిండి, ఇంకో గుంపుకు 3.3 శాతం ఉన్న తిండి పెట్టారు. ఎక్కువ తిన్న పిల్లల్లో ఎముకలు సక్రమంగా రూపుదిద్దుకోలేదు, మృదులాస్థి గట్టిపడే క్రమం దెబ్బతింది. బలం కోసం పోసిన కాల్షియమే ఎముకను చెడగొట్టిందన్న మాట.

మరి "కాల్షియం పట్టించండి" అనే సలహా ఎక్కడి నుంచి వచ్చింది? అది ఊరికే పుట్టిన మూఢనమ్మకం కాదు. మన ఇళ్లలో కుక్కలు చాలాకాలం ఇంట్లో మిగిలిన అన్నంతోనే పెరిగాయి. పెరుగన్నం, పప్పన్నం, ఆదివారం కోడి మాంసం కలిపిన అన్నం. అన్నంలోనూ ఎముక లేని మాంసంలోనూ కాల్షియం దాదాపు లేనట్టే, భాస్వరం మాత్రం బాగా ఉంటుంది. పెరుగు కొంత ఇస్తుంది కానీ పెద్ద జాతి పిల్లకు అది చాలదు. అలాంటి తిండి మీద పెరిగిన ల్యాబ్ పిల్ల తన రక్తంలో కాల్షియం నిలబెట్టుకోవడానికి సొంత ఎముకలనే కరిగించుకుంటుంది. కాళ్లు వంగడం, చిన్న దూకుడుకే ఎముక విరగడం జరుగుతాయి. ఆ కుక్కలను చూసిన పెద్దలకు, వెట్ డాక్టర్లకు కాల్షియం సిరప్ నిజంగానే మందు.

తర్వాత ఇళ్లలోకి డ్రై ఫుడ్ వచ్చింది. అందులో కాల్షియం ముందే కొలిచి కలిపి ఉంటుంది. సలహా మాత్రం పాత రోజుల్లోదే మిగిలిపోయింది. ఇప్పుడు ఒకే గిన్నెలో సంచి గుళికలూ సిరప్పూ గుడ్డు పెంకు పొడీ కలుస్తున్నాయి. రెండు భయాలూ నిజమే, కాకపోతే అవి రెండు వేరు వేరు కుక్కలవి. లిస్టింగ్ మొదట తేల్చాల్సింది ఈ కుక్క ఏ తిండి మీద ఉందన్న సంగతి.

లెక్క చూద్దాం. అమెరికాలో పశుదాణా నియంత్రణ అధికారుల సంఘం ఒకటి ఉంది, పేరు ఆఫ్కో. కుక్క తిండిలో ఏది ఎంత ఉండాలో అది ప్రమాణాలు రాస్తుంది. ఇండియాలో అమ్ముడయ్యే చాలా సంచుల మీద కూడా ఆ పేరు కనిపిస్తుంది. పెరిగే పిల్ల తిండిలో, తేమ తీసేసి లెక్కిస్తే, కాల్షియం కనీసం 1.2 శాతం ఉండాలంటుంది ఆ ప్రమాణం. పై హద్దు మామూలుగా 2.5 శాతం. పెరిగాక 70 పౌండ్లు, అంటే సుమారు 32 కిలోలు, అంతకు మించి తూగే కుక్కల పిల్లలకైతే పై హద్దు 1.8 శాతమే. అంటే చిన్న జాతి పిల్లకు నియమం ప్రకారం చెల్లే సంచి పెద్ద జాతి పిల్లకు చెల్లకపోవచ్చు. మగ ల్యాబ్ పెరిగాక 30 నుంచి 36 కిలోల దాకా తూగుతుంది, కాబట్టి సరిగ్గా ఆ గీత మీదే నిలబడుతుంది. దాన్ని పెద్ద జాతిగానే లెక్కేసుకోవడం మంచిది.

ఈ తేడాను సంచి వెనక ఒక్క వాక్యం చెబుతుంది. 'ఇన్‌క్లూడింగ్ గ్రోత్ ఆఫ్ లార్జ్ సైజ్ డాగ్స్' అని ఉంటే పెద్ద జాతి పిల్లకు పెట్టొచ్చు. అదే చోట 'ఎక్సెప్ట్ ఫర్' అని ఉంటే పెట్టకూడదు. ముందు వైపు ఎంత అందమైన ల్యాబ్ బొమ్మ ఉన్నా వెనక ఉన్న ఆ వాక్యానిదే తుది మాట. ఆన్‌లైన్‌లో సంచి వెనక భాగం ఫొటో పెట్టే అమ్మకందార్లు తక్కువ. పెట్టినా అక్షరాలు చదవగలిగేంత పెద్దగా ఉండవు. ఆ ఒక్క వాక్యాన్ని టైపు చేసి వివరణలో మొదటి వరసగా పెట్టడం అమ్మకందారు చేయగల పనులన్నిటిలోకీ విలువైనది.

ఇప్పుడు ఒక ఇంటిని ఊహించుకుందాం. విజయవాడలో ఒక కుటుంబం. వాళ్ల ల్యాబ్ పిల్లకు ఐదు నెలలు, బరువు 16 కిలోలు. దానికి రోజుకు ఎంత శక్తి కావాలో వెట్ డాక్టర్లు వాడే లెక్క ఒకటుంది. ఊరికే పడుకుని ఉన్నా ఒంటికి కావలసిన శక్తి ముందు కడతారు. 16 కిలోల కుక్కకు అది 560 కిలోకేలరీలు. నాలుగు నెలలు దాటిన పిల్లకు దాన్ని రెట్టింపు చేస్తారు, అంటే 1,120. ఇంట్లో ఉన్న సంచి కిలోకు 3,600 కిలోకేలరీలు ఇస్తుందనుకుంటే రోజుకు దాదాపు 310 గ్రాముల గుళికలు సరిపోతాయి.

ఆ సంచిలో కాల్షియం 1.4 శాతం, తేమ 10 శాతం అనుకుందాం. తేమ తీసేస్తే కాల్షియం సుమారు 1.56 శాతం అవుతుంది. 1.2కు పైన, 1.8కు కింద. సరిపోయింది. రోజుకు 310 గ్రాముల్లో పిల్ల 4.3 గ్రాముల కాల్షియం తింటుంది. ఆఫ్కో లెక్కను ఇంకో రకంగా కూడా చెబుతుంది. ప్రతి 1,000 కిలోకేలరీలకు 3 గ్రాములకు తగ్గకూడదు, పెద్ద జాతి పిల్లకు 4.5 గ్రాములకు మించకూడదు. మన పిల్లకు ఆ లెక్కన 3.9 గ్రాములు వస్తోంది. హద్దులోనే ఉంది.

ఇక్కడే అమ్మమ్మ ప్రేమగా ఒక చెంచా గుడ్డు పెంకు పొడి కలుపుతుంది. ఒక టీ చెంచా పొడి సుమారు 5 గ్రాములు, అందులో కాల్షియం దాదాపు 2 గ్రాములు. మొత్తం 6.3 గ్రాములైంది. 1,000 కిలోకేలరీలకు లెక్కిస్తే 5.6. హద్దు దాటిపోయింది. ఒక్క చెంచాతో, మంచి సంచిలోని తిండి కూడా తప్పు తిండిగా మారింది. పైన సిరప్ కూడా పోస్తే ఇంకా దూరం పోతుంది.

ఈ లెక్కను ప్రతి ఇంట్లోనూ కాగితం మీద వేసుకోవాలని కాదు. లిస్టింగ్‌లో 'ఈ తిండి పెట్టేటప్పుడు వేరే కాల్షియం కలపవద్దు, వెట్ డాక్టర్ చెబితే తప్ప' అన్న ఒక్క వరస ఉంటే చాలు, చెంచా ఆగిపోతుంది. విచిత్రంగా చాలా దుకాణాల్లో దీనికి వ్యతిరేకం జరుగుతుంది. పప్పీ ఫుడ్ చూస్తున్న మనిషికి కిందనే 'వీటితో కలిపి కొన్నవి' అని కాల్షియం సిరప్ సీసా చూపిస్తారు. ఆ పక్కన పెట్టడమే ఒక సలహా లాగా పనిచేస్తుంది, ఎవరూ ఆ సలహా ఇవ్వకపోయినా.

నిజానికి పెద్ద జాతి పిల్ల కాళ్లను కాపాడే ఇంకో సంగతి ఉంది, అది ఏ వడపోతలోనూ దొరకదు. అది తిండి మొత్తం. బొద్దుగా పెరిగిన పిల్ల వేగంగా బరువెక్కుతుంది, లేత కీళ్ల మీద ఆ బరువు పడుతుంది. 48 ల్యాబ్‌లను జంటలుగా తీసుకుని జీవితాంతం గమనించిన ఒక అధ్యయనం ఫలితాలు 2002లో అమెరికా పశువైద్య సంఘం పత్రికలో వచ్చాయి. జంటలో ఒకదానికి రెండోదానికంటే పాతిక శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్న కుక్కలు మధ్యస్థంగా 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవి 11.2 ఏళ్లు బతికాయి. కీళ్ల నొప్పులు కూడా తక్కువ తిన్నవాటిలో ఆలస్యంగా వచ్చాయి. 'హెవీ వెయిట్ గెయిన్' అని గొప్పగా రాసుకునే పప్పీ ఫుడ్ లిస్టింగ్‌లను ఈ ఫలితం పక్కన పెట్టి చదవాలి. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే కంటికి కనపడకపోయినా వేలికి తగలాలి, పైనుంచి చూస్తే నడుము దగ్గర సన్నబడాలి. ఆ ఒళ్లే ల్యాబ్ పిల్లకు సరైనది.

వయసు గడిలోనూ ఇలాంటి చిక్కులు ఉన్నాయి. 'ఆల్ లైఫ్ స్టేజెస్' అనే మాట చూడగానే పిల్లకూ ముసలి కుక్కకూ సమానంగా సరిపోతుందనిపిస్తుంది. అసలు అర్థం వేరు. ఆ మాట వాడాలంటే తిండి పెరిగే పిల్లల ప్రమాణాన్ని అందుకోవాలి. అంటే అది లోపల పప్పీ ఫుడ్డే. పదేళ్ల వయసులో కదలిక తగ్గి లావెక్కుతున్న పొమేరియన్‌కు అది అవసరానికి మించిన తిండి కావచ్చు. అటు 'సీనియర్' అనే మాటకు ఆఫ్కో విడిగా ఏ ప్రమాణమూ రాయలేదు. ఒక్కో కంపెనీ తనకు తోచినట్టు కేలరీలు తగ్గిస్తుంది, పీచు పెంచుతుంది, కొన్ని ప్రోటీన్ తగ్గిస్తాయి, కొన్ని పెంచుతాయి. కాబట్టి ముసలి కుక్క ఉన్న మనిషి 'సీనియర్' అన్న పదం చూసి ఆగకుండా కిలోకు ఎన్ని కేలరీలో చూడాలి. ఆ అంకె లిస్టింగ్‌లో లేకపోతే అడగాలి.

ఇంకో చోట జనం మోసపోతుంటారు. గ్రేవీ పౌచ్‌లు కొన్నిటి మీద చిన్న అక్షరాల్లో 'ఇంటర్మిటెంట్ ఆర్ సప్లిమెంటల్ ఫీడింగ్' అని ఉంటుంది. అప్పుడప్పుడు రుచికి కలుపుకోవడానికి తప్ప అదే పూర్తి తిండి కాదని దాని భావం. లిస్టింగ్‌లో మాత్రం అవి డాగ్ ఫుడ్ వరసలోనే ఉంటాయి. అన్నం మానేసి ఆ పౌచ్‌ల మీదే పిల్లను పెంచితే సంచి గుళికల్లో దొరికేవన్నీ దానికి దొరకవు.

దురద భయం ఇంకా పెద్దది. వేసవి వచ్చేసరికి కుక్క గీరుకోవడం మొదలవుతుంది. ఆ మనిషి 'ఇచింగ్' అని వెతికితే 'గ్రెయిన్ ఫ్రీ', 'ల్యాంబ్', 'హైపోఅలర్జెనిక్' అన్న సంచులు ముందుకొస్తాయి. తిండి వల్ల వచ్చే దురద నిజంగా ఉంది. కానీ దానికి కారణమయ్యేది ధాన్యమేనన్న నమ్మకానికి ఆధారం బలంగా లేదు. 2016లో వచ్చిన ఒక సమీక్షలో తిండి అలర్జీ నిర్ధారణ అయిన 297 కుక్కల వివరాలు కలిపి చూశారు. గొడ్డుమాంసం 34 శాతం కుక్కలకు పడలేదు, పాల పదార్థాలు 17 శాతానికి, కోడి మాంసం 15 శాతానికి, గోధుమ 13 శాతానికి పడలేదు. మన దగ్గర దొరికే సంచుల్లో చాలావాటికి కోడే మూలం. పైగా పాలు, పెరుగు ప్రతి ఇంట్లోనూ గిన్నెలో పడతాయి. వీటిని వదిలి బియ్యాన్ని, గోధుమను అనుమానించి గ్రెయిన్ ఫ్రీ సంచికి డబ్బు పోసే మనిషి మొదటి అనుమానితుడిని ఇంట్లోనే ఉంచుకున్నట్టు. అసలు అంతకంటే ముందు గోమారులు, ఈగల్లాంటి పురుగుల సంగతి తేల్చుకోవాలి. చెవి వెనక, కాలి వేళ్ల సందుల్లో వెతికితే చాలాసార్లు దురద కారణం అక్కడే కనిపిస్తుంది.

'ల్యాంబ్' అన్న పేరు కూడా జాగ్రత్తగా చదవాల్సిన మాటే. అమెరికా నియమాల ప్రకారం పేరులో 'ల్యాంబ్ ఫార్ములా' అనో 'ల్యాంబ్ డిన్నర్' అనో ఉంటే ఆ మాంసం నాలుగో వంతు ఉంటే సరిపోతుంది. 'విత్ ల్యాంబ్' అంటే మూడు శాతం ఉన్నా చాలు. మిగతాది కోడి కావచ్చు. పదార్థాల పట్టీలో 'చికెన్ మీల్', 'పౌల్ట్రీ ఫ్యాట్', 'డైజెస్ట్' లాంటి మాటలు ఉన్నాయేమో చూస్తే తెలుస్తుంది. కోడి పడని కుక్కకు గొర్రె బొమ్మ ఉన్న సంచి తెచ్చి, రెండు నెలలు పెట్టి, దురద తగ్గలేదని దిగులు పడే వాళ్లకు సమాధానం చాలాసార్లు ఈ పట్టీలోనే ఉంటుంది. నిజంగా తిండి అలర్జీ ఉందో లేదో తేల్చాలంటే వెట్ డాక్టర్ దగ్గర ఎనిమిది వారాల పాటు ఒక్క కొత్త మాంసంతోనో, ప్రత్యేకంగా విడగొట్టిన ప్రోటీన్‌తోనో పరీక్షగా పెట్టాలి. బిస్కెట్ ముక్క కూడా వేయకూడదు. ఆ పరీక్షకు ఏ లిస్టింగ్ మాటా ప్రత్యామ్నాయం కాదు.

పట్టీలో పదార్థాలు వండక ముందు బరువు ప్రకారం వరసగా రాస్తారన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. పచ్చి కోడి మాంసంలో దాదాపు 70 శాతం నీరే. అది మొదట కనపడినంత మాత్రాన, ఎండి గుళిక అయ్యాక కూడా మొదటి స్థానంలోనే ఉందని కాదు. ఈ కారణంగానే మొదటి పేరు ఏదన్న దాన్ని పట్టుకుని సంచిని తూచడం నమ్మదగిన పద్ధతి కాదు.

వస్తువుల విషయానికి వస్తే, తిండిలో బరువు ఎంత ముఖ్యమో వస్తువుల్లో చుట్టుకొలత అంత ముఖ్యం. తెలుగు రాష్ట్రాల ఇళ్లలో పగ్‌లు చాలా కనిపిస్తాయి. 2000ల తొలి ఏళ్లలో హచ్ మొబైల్ ప్రకటనలో వచ్చిన పగ్ తర్వాత వాటి మీద మోజు బాగా పెరిగింది. పగ్ ముక్కు పొట్టిది, గాలి పీల్చుకోవడమే కష్టం. మెడ పట్టీ లాగితే ఇంకా ఇబ్బంది. అందుకే ఛాతీ చుట్టూ పట్టుకునే హార్నెస్ దానికి మేలు. కానీ లిస్టింగ్‌లో 'ఎం సైజు: పగ్, బీగల్' అని మాత్రమే ఉంటుంది. పగ్ జాతి ప్రమాణం ప్రకారం బరువు సుమారు 6.4 నుంచి 8.2 కిలోలు, ఇళ్లలో తిని కూర్చునే పగ్‌లు 10 కిలోలు దాటడం మామూలే. ఈ రెండిటికీ ఒకే సైజు సరిపోదు. జాతి పేరు చూసి కొన్న హార్నెస్ చంకల్లో ఒరుసుకుంటుంది, లేదా వదులై కుక్క వెనక్కి జారితే ఊడిపోతుంది. రోడ్డు మీద అలా ఊడితే జరిగేది తెలిసిందే. ముందు కాళ్ల వెనక, ఛాతీ ఎక్కువ వెడల్పున్న చోట టేపు పెట్టి కొలిచి, ఆ సెంటీమీటర్లను లిస్టింగ్‌లోని కొలతతో పోల్చుకోవాలి. వేసిన తర్వాత పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. మంచి లిస్టింగ్ జాతి పేరుతో పాటు కనిష్ఠ, గరిష్ఠ చుట్టుకొలతలు ఇస్తుంది. పెరిగే ల్యాబ్ పిల్లకైతే ఇప్పటి కొలతకు పై హద్దు దూరంగా ఉన్న సైజు తీసుకుంటే నెల తిరక్కుండా మార్చాల్సిన పని తప్పుతుంది.

పురుగుల మందుల దగ్గర లిస్టింగ్‌లో పొరపాటు ప్రాణం మీదికే వస్తుంది. కుక్కల మెడ మీద వేసే కొన్ని చుక్కల మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్క ఒళ్లు దాన్ని తట్టుకుంటుంది. పిల్లి కాలేయం దాన్ని విరగ్గొట్టలేదు. పిల్లికి వేస్తే వణుకు, ఫిట్స్ వస్తాయి, చనిపోవచ్చు. అలాంటి మందును 'డాగ్స్ అండ్ క్యాట్స్' వరసలో పెట్టే అమ్మకందారు ఉంటే అతనికి వెంటనే తెలియజేయాలి. ఇంట్లో కుక్కా పిల్లీ కలిసి పడుకునే చోట కుక్కకు ఆ చుక్క వేసినప్పుడు కూడా ఆరేదాకా పిల్లిని దూరంగా ఉంచాలి.

మన చట్టం కొనేవాడికి కొంత తోడ్పడుతుంది. 2011 నాటి ప్యాక్ చేసిన సరుకుల నియమాల్లో 2017లో తెచ్చిన మార్పు ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు తయారీదారు పేరు, నికర పరిమాణం, ఎంఆర్‌పి లాంటి వివరాలు తెర మీద చూపించాలి. తయారైన నెల, సంవత్సరం మాత్రం అక్కడ చూపక్కర్లేదు. 20 కిలోల సంచి చవకగా కనిపించినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. సంచి ఇంటికొచ్చాకే తేదీ తెలుస్తుంది. కుక్క రోజుకు 310 గ్రాములు తింటే 20 కిలోలు అయిపోవడానికి రెండు నెలల పైన పడుతుంది. విప్పిన సంచిలోని కొవ్వు మన వేసవి వేడికి కంపు కొట్టడం మొదలుపెడుతుంది. చిన్న సంచే కొనడం మంచిది. కాల్షియం అంకెను చూపించమని మాత్రం ఈ నియమాలు అడగవు. ఆఫ్కో కూడా సంచి మీద ప్రోటీన్, కొవ్వు, పీచు, తేమ శాతాలను తప్పనిసరిగా అడుగుతుంది కానీ కాల్షియం శాతాన్ని అడగదు.

కాబట్టి ఆ అంకె కావాలంటే కంపెనీకి రాయాలి. సంచి మీద మెయిల్ అడ్రసు ఉంటుంది. 'ఈ తిండిలో కాల్షియం ఎంత శాతం, కిలోకు ఎన్ని కేలరీలు, పెద్ద జాతి పిల్లలకు పనికొస్తుందా' అని మూడు ప్రశ్నలు అడిగితే చాలు. ప్రపంచ చిన్న జంతువుల వైద్యుల సంఘం కూడా తిండి ఎంచుకునేవాళ్లను కంపెనీలను ఇలా నేరుగా అడగమనే చెబుతుంది. సూత్రం ఎవరు రాశారు, నాణ్యత ఎలా చూస్తారు లాంటి ప్రశ్నలు కూడా అందులో ఉన్నాయి. శ్రద్ధగా తయారుచేసే కంపెనీ అంకెలతో జవాబిస్తుంది. 'ప్రమాణాల ప్రకారమే ఉంటుంది' అని మాత్రమే వచ్చిన జవాబుతో ల్యాబ్ పిల్లకు పెట్టే నిర్ణయం తీసుకోలేం.

ఇదే పని అమ్మకందారు ఒక్కసారి చేస్తే వందల ఇళ్లకు జవాబు దొరుకుతుంది. ల్యాబ్ పిల్ల భయంతో వెతికే మనిషికి అతను రాసి పెట్టాల్సింది ఇలా ఉండొచ్చు: 'పెరిగాక 32 కిలోలు దాటే జాతుల పిల్లలకు, రెండు నెలల నుంచి 15 నెలల దాకా. కాల్షియం తేమ తీసేస్తే 1.5 శాతం, హద్దు 1.8. కిలోకు 3,600 కిలోకేలరీలు. ఐదు నెలలు, 16 కిలోల పిల్లకు రోజుకు సుమారు 310 గ్రాములు, రెండు మూడు పూటలుగా. ప్రధాన మాంసం కోడి, గొర్రె లేదు. కాల్షియం సిరప్, గుడ్డు పెంకు పొడి కలపవద్దు. ఇంటి అన్నం మీదే పెంచుతున్న పిల్ల అయితే వెట్ డాక్టర్‌ను అడిగి వేరే లెక్క వేసుకోండి.' 'స్ట్రాంగ్ బోన్స్' అన్న మాట ఇందులో లేకపోయినా వెతికే పెట్టెలో ఆ మాట కొట్టిన మనిషి ఇక్కడికే వస్తాడు, ఎందుకంటే కాల్షియం, ఎముక, పిల్ల అన్న మాటలన్నీ వాటి అంకెలతో సహా ఇందులో ఉన్నాయి.

కంపెనీ జవాబివ్వకపోతే, సంచి వెనక 'ఎక్సెప్ట్ ఫర్' అని ఉంటే, అమ్మకందారు చేయాల్సింది ఒకటే. జాతి గడిలో 'అన్ని జాతులు' తీసేసి 'చిన్న, మధ్యస్థ' అని పెట్టాలి. 'లార్జ్ బ్రీడ్ పప్పీ' అని వెతికే మనిషికి ఆ సంచి కనపడదు. కొన్ని అమ్మకాలు తగ్గుతాయి. విజయవాడ ల్యాబ్ పిల్ల గిన్నెలోకి మాత్రం అది చేరదు.